పారీస్ కార్నర్ నుంచి కొత్వాల్ చావడి దాకా: హెరిటేజ్ వాక్ డాక్యుమెంటరీ ప్లాన్ చేసుకోవడం ఎలా

పాత పేట మీద డాక్యుమెంటరీ తీయాలనుకున్నవాళ్లు సాధారణంగా ముందు వీధులు తిరుగుతారు. నచ్చిన చోట యాంకర్‌ను నిలబెట్టి మాట్లాడిస్తారు. పాత ఫోటోలు, మ్యాపులు, పత్రికల కోసం వెతకడం ఎడిటింగ్‌లో కూర్చున్నాక మొదలవుతుంది. అప్పుడు రెండు చిక్కులు వస్తాయి. యాంకర్ ఎంతో చక్కగా చెప్పిన విషయానికి ఒక్క బొమ్మ కూడా దొరకదు. దొరికిన మంచి బొమ్మేమో యాంకర్ నిలబడని వైపు నుంచి తీసి ఉంటుంది. చూసేవాళ్లకు ఇప్పటి వీధికీ అప్పటి వీధికీ లంకె కుదరదు, సినిమా ఉపన్యాసంలా సాగుతుంది.

అందుకే నేను వరస తిప్పి చేస్తాను: ముందు కాగితం, తర్వాత కాలు, ఆ తర్వాతే కెమెరా. చెన్నై జార్జ్ టౌన్‌లో తెలుగు ప్రేక్షకుల కోసం ఇరవై ఐదు నిమిషాల సినిమా తీయాలంటే ఈ పద్ధతి ఎలా నడుస్తుందో చెబుతాను. దారి పారీస్ కార్నర్‌లో మొదలై పాత టోకు మార్కెట్ పేట కొత్వాల్ చావడిలో ముగుస్తుంది. అటూ ఇటూ తిరిగినా రెండు కిలోమీటర్లకు మించదు.

మొదటి అడుగు: ఆగే చోట్లు ఐదే

జార్జ్ టౌన్‌లో చెప్పడానికి యాభై చోట్లున్నాయి. ఇరవై ఐదు నిమిషాల్లో ఐదు పడతాయి. ఏ ఐదో తేల్చడానికి ప్రతి చోటికీ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇవాళ అక్కడ వేలు పెట్టి చూపించగల వస్తువేదైనా నిలిచి ఉందా? దానికి జత పడే పాత బొమ్మో, మ్యాపో, అచ్చు కాగితమో మన చేతికి వస్తుందా? ట్రైపాడ్ పెట్టుకుని పది నిమిషాలు నిలబడే జాగా ఉందా? మూడింటికీ అవుననే జవాబు వస్తేనే ఆ చోటును తీసుకోండి.

ఈ జల్లెడలో నాకు మిగిలినవి ఇవి. మొదటిది డేర్ హౌస్ దగ్గరి సరిహద్దు రాయి. సెయింట్ జార్జ్ కోటకు ఉత్తరాన స్థానికులు ఉండే పాత బ్లాక్ టౌన్‌ను ఫ్రెంచివాళ్ల దాడుల తర్వాత ఈస్టిండియా కంపెనీ కూల్చేసి ఖాళీ మైదానంగా ఉంచింది. ఇక్కడి నుంచి కోట వైపు ఎవరూ ఇల్లు కట్టకూడదని 1773లో ఆరు స్తంభాలు పాతించింది. వాటిలో మిగిలింది ఇదొక్కటే. రెండోది జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ దాడికి గుర్తుగా హైకోర్టు ప్రహరీ మీదున్న పలక. మూడోది తంబుచెట్టి వీధి. కాళికాంబాళ్ గుడి అక్కడే ఉంది, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక వెలువడిన వీధి కూడా అదే. నాలుగోది ఆర్మీనియన్ చర్చి. ఐదోది ప్రకాశం సాలై మీదుగా కొత్వాల్ చావడి.

ఇష్టం ఉన్నా వదిలేసినవి ఉన్నాయి. కంపెనీవాళ్లకు దుబాసీగా పనిచేసిన బేరి తిమ్మప్ప కథ తెలుగువాళ్లకు ఎంతో దగ్గరిది. కానీ ఆయన బొమ్మ మనకు లేదు, ఆయన కాలపు ఇల్లు లేదు. నిలబడి చూపించడానికి ఏమీ లేనప్పుడు యాంకర్ ఎంత బాగా మాట్లాడినా ఆ భాగం రేడియో కార్యక్రమం అవుతుంది. ఆయన గురించి మొదటి చోటులో ఒకే ఒక్క వాక్యం పెట్టుకున్నాను. త్యాగయ్యగారు 1839లో బందరు వీధిలో కోవూరు సుందరేశ మొదలియారు ఇంట్లో బస చేసిన సంగతినీ ఇలాగే, మనసు ఒప్పకపోయినా, మరో సినిమాకు దాచుకున్నాను. దానికి సంగీతం కావాలి, తీరిక కావాలి.

ఇరవై ఐదు నిమిషాలను ఇలా పంచాను: కెమెరా వైపు చూసి యాంకర్ మాట్లాడేది ఏడు నిమిషాలు, పాత బొమ్మలు, కాగితాలు ఆరు, నడక, వీధి సందడి ఎనిమిది, అక్కడి మనుషుల మాటలు నాలుగు. తెలుగులో తొందర లేకుండా మాట్లాడితే నిమిషానికి వంద మాటలు నడుస్తాయి. ఏడు నిమిషాలంటే ఏడు వందల మాటలు. ఐదు చోట్లకూ మొదలుకూ ముగింపుకూ పంచితే చోటుకు వంద మాటలే. ఈ లెక్క ముందే గోడ మీద రాసి పెట్టుకుంటే స్క్రిప్టు ఉబ్బదు.

రెండో అడుగు: పాత బొమ్మ వయసు తేల్చడం

వెతకాల్సిన చోట్లు కొన్నే. ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్, కన్నెమరా లైబ్రరీ, తరమణిలో రోజా ముత్తయ్య లైబ్రరీ. ఆన్‌లైన్‌లో బ్రిటిష్ లైబ్రరీ సేకరణ. పాత తెలుగు పత్రికల స్కాన్ల కోసం ప్రెస్ అకాడమీ భాండాగారం. పాత పోస్టుకార్డులు సేకరించేవాళ్లు నగరంలో చాలామందే ఉన్నారు, మర్యాదగా అడిగితే చూపిస్తారు.

దొరకడం కన్నా కష్టం, దొరికినదాని కింద రాసి ఉన్న మాటను పరీక్షించడం. ఇంటర్నెట్‌లో “బ్రాడ్వే, 1890” అని ఉన్న ఒక ఫోటో మాకు బాగా నచ్చింది. పెద్ద తెర మీద వేసి చూస్తే వీధి మధ్యలో ట్రాము పట్టాలు కనిపించాయి. మద్రాసులో ఎలక్ట్రిక్ ట్రాము మొదలైంది 1895లో. అంటే ఆ తేదీ తప్పు. తేదీ తప్పయితే వీధి పేరు కూడా తప్పు కావచ్చని అనుమానించి మళ్లీ మొదటినుంచి వెతికాం.

జార్జ్ టౌన్ ఫోటోల వయసు చెప్పే గుర్తులు కొన్ని చేతిలో ఉంచుకోండి. హైకోర్టు గోపురాలు కనిపిస్తే 1892కు దరిదాపుల్లోదో ఆ తర్వాతిదో. పెద్ద గోపురం మీద లైట్‌హౌస్ దీపం ఉంటే 1894 తర్వాతిది. ఆ దీపం 1977 దాకా అక్కడే వెలిగింది. ట్రాము ఉంటే 1895కూ 1953కూ మధ్యది. మూలన ఇప్పటి డేర్ హౌస్ కట్టడం ఉంటే 1940 తర్వాతది. ఒక్క ఫోటోలో ఇలాంటి గుర్తులు రెండు దొరికినా, ముందొక ఏడూ వెనకొక ఏడూ కట్టేసి తెర మీద “1900 ప్రాంతం” అని ధైర్యంగా రాయొచ్చు. గుర్తులు దొరకనప్పుడు “పాత మద్రాసు” అని ఊరుకోండి. తేదీ ఊహించి రాయకండి.

ప్రతి బొమ్మకూ రిజిస్టరులో ఒక వరస ఉండాలి: ఏ చోటిది, ఏ రకం, ఎక్కడ దొరికింది, ఎవరి అనుమతి, తేదీకి ఆధారం ఏమిటి, కెమెరా ఏ వైపు చూస్తోంది. ఈ చివరి గడిని అందరూ వదిలేస్తారు, షూటింగ్ రోజు అన్నిటికన్నా పనికొచ్చేది అదే. ఫైలు పేరు కూడా వరస తెలిసేలా పెట్టండి. చోటు సంఖ్య, విషయం, రకం, ఏడు, వరస సంఖ్య:

```
02_EMDEN_PHOTO_1914_01.tif
02_EMDEN_NEWS_1914_02.tif
05_KOTHWAL_MAP_1900c_01.tif
```

స్కాన్ సైజు ముందే లెక్క వేసుకోవాలి. మీ సినిమా 4కే అయితే తెర వెడల్పు 3840 పిక్సెళ్లు. బొమ్మ మీద మెల్లగా ఒకటిన్నర రెట్లు దగ్గరికి వెళ్లాలంటే కనీసం 5760 పిక్సెళ్లు ఉండాలి. పోస్టుకార్డు వెడల్పు ఐదున్నర అంగుళాలు. భాగిస్తే అంగుళానికి వెయ్యి పైన వస్తుంది కాబట్టి 1200 డీపీఐలో స్కాన్ అడగండి. మూడు వందల డీపీఐ స్కాన్ ఇస్తే దాన్ని కదపకుండా తెరలో సగానికన్నా తక్కువ మేరకే వాడుకోవాలి. సాగదీస్తే అచ్చు చుక్కలు తప్ప ఏమీ కనిపించవు.

అనుమతి విషయంలో నేను ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక సంస్థ నుంచి డబ్బు కట్టి స్కాన్లు తీసుకున్నాం. ఉత్తరంలో “ప్రదర్శనకు” అని ఉంది. సినిమాను ఆన్‌లైన్‌లో పెట్టబోతే అది ప్రదర్శన కిందికి రాదని, వేరే రుసుము కట్టాలని అన్నారు. అంత స్థోమత లేక నలభై సెకన్ల భాగం తీసేయాల్సి వచ్చింది, ఆ చోటు ఇప్పటికీ బోసిగా ఉంది. ఫోటో అంత పాతది కాబట్టి కాపీరైట్ తీరిపోయి ఉండొచ్చు, అయినా స్కాన్ ఇచ్చేవాళ్ల షరతు మీద మనం సంతకం పెట్టాక అది మనల్ని కట్టేస్తుంది. అందుకే ఉత్తరంలో మూడు మాటలు ఉండేలా చూసుకోండి: ఏ ఏ మాధ్యమాల్లో, ఏ ఏ దేశాల్లో, ఎంతకాలం.

మూడో అడుగు: పాత ఫోటోగ్రాఫర్ నిలబడ్డ చోటు వెతకడం

ఇప్పుడు కాలికి పని. ఫోటోలను ఫోన్‌లో కాకుండా ఏ4 కాగితం మీద ప్రింటు తీసి తీసుకెళ్లండి. ఎండలో ఫోన్ తెర కనిపించదు, కాగితం మీదైతే పెన్నుతో గీతలు పెట్టుకోవచ్చు.

అప్పటి బొమ్మ ఇప్పటి బొమ్మలోకి కరిగేలా చూపించాలంటే కెమెరా అదే చోట ఉండాలి. లెన్స్ జూమ్‌తో సరిపెట్టుకోవచ్చని చాలామంది అనుకుంటారు. జూమ్ మార్చితే బొమ్మ పెద్దదో చిన్నదో అవుతుంది, అంతే. దగ్గరి కట్టడానికీ వెనక కట్టడానికీ ఉన్న పొందిక నిలబడ్డ చోటును బట్టి మాత్రమే మారుతుంది. కాబట్టి పాత ఫోటోలో దగ్గరి వస్తువు అంచు ఒకటీ, దాని వెనక దూరాన ఉన్న కట్టడం అంచు ఒకటీ ఎంచుకోండి. సరిహద్దు రాయి పక్కన హైకోర్టు గోపురం అనుకుందాం. రెండింటి మధ్య సందు పాత ఫోటోలో ఎంతుందో చూడండి. మీకు సందు తక్కువగా కనిపిస్తే పక్కకు జరగాలి. ఏ పక్కకో రెండడుగులు వేస్తే తెలిసిపోతుంది. సందు కుదిరాక, వెనక గోపురం మరీ చిన్నదిగా ఉంటే మీరు రాయికి బాగా దగ్గరగా ఉన్నారని అర్థం, వెనక్కి నడవండి. రెండూ కుదిరాకే జూమ్ ముట్టుకోండి. చివరికి ఎత్తు. పాత ఫోటోలో మనుషుల తలల పైభాగం కనిపిస్తుంటే ఫోటోగ్రాఫర్ మేడ మీదో బండి మీదో ఉన్నాడన్నమాట.

ఆ మేడ ఇప్పుడు ఒక దుకాణం రెండో అంతస్తు అయి ఉంటుంది. మా రెక్కీలో అలాంటి మేడ కింద కాగితాల కొట్టు ఉంది. యజమాని తెలుగాయన, నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం. ఫోటో చూపించి, “పెద్దయ్యగారూ, ఇది మీ మేడ మీంచి తీసింది. ఒక్క పావుగంట పైకి పోనిస్తారా?” అని అడిగాను. ఆయన ఫోటోను చాలాసేపు చూసి, “మా తాతలు వచ్చేనాటికే ఈ అరుగు లేదు నాయనా. ఉండేదని విన్నాం గానీ చూడ్డం ఇదే,” అని తానే తాళం తీశారు. ఆ ప్రింటు ఆయన దగ్గరే వదిలి వచ్చాను. తర్వాత ఆయన మాటే సినిమాలో నలభై సెకన్లు ఉంది.

కుదిరిన చోట నేల మీద సుద్దతో గుర్తు పెట్టి ఫోటో తీసుకోండి. ట్రైపాడ్ ఎత్తు, లెన్స్ కొలత, దిక్కు, టైము రాసుకోండి.

నాలుగో అడుగు: వెలుగు, సందడి చూసి రోజులు ఎంచుకోవడం

తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, ఆర్మీనియన్ వీధి, ప్రకాశం సాలై అన్నీ దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. రెండు వైపులా మేడలు ఉండడంతో పొద్దున చాలాసేపు వీధంతా నీడే. మెత్తటి వెలుగు కాబట్టి యాంకర్ ముఖానికి అదే మంచిది. మిట్టమధ్యాహ్నం ఎండ నిటారుగా దిగి వీధిలో సగం తెల్లగా, సగం నల్లగా అవుతుంది. అప్పుడు తీయకండి. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు మాత్రం తూర్పు పడమరలుగా ఉంటుంది. పారీస్ కార్నర్ దగ్గర పొద్దుటి ఎండ సముద్రం వైపు నుంచి రోడ్డు వెంబడి పడుతుంది. సరిహద్దు రాయిని మొదటి షాటుగా పెట్టుకోవడానికి ఇదో కారణం.

రోజు విషయంలో అందరూ ఇబ్బంది పడతారు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి కట్టడాల ముఖాలు బాగా కనిపిస్తాయి, మాట శుభ్రంగా రికార్డవుతుంది. కానీ ఆదివారం జార్జ్ టౌన్‌ను చూపిస్తే అది ఆ పేట కానేకాదు. మూటలు, తోపుడు బళ్లు, కేకలు లేని కొత్వాల్ చావడిని ఎవరూ గుర్తుపట్టరు. అందుకని రెండు రోజులు పెట్టుకోండి. ఆదివారం పొద్దున ఆరు నుంచి పది దాకా యాంకర్ మాటలు, పాత ఫోటోలకు జత పడే షాట్లు. మామూలు రోజు పదకొండు నుంచి వీధి సందడి, మనుషుల మాటలు. యాంకర్ రెండు రోజులూ ఒకే బట్టలు కట్టుకోవాలి. చేతి సంచీ, గడియారం, చెప్పులు కూడా అవే. మొదటి రోజు నాలుగు వైపుల నుంచి యాంకర్ ఫోటో తీసి పెట్టుకోండి.

అనుమతుల సంగతి క్లుప్తంగా. రోడ్డు మీద ట్రైపాడ్ పెట్టాలంటే నగరపాలక సంస్థ, ట్రాఫిక్ పోలీసుల అనుమతి తీసుకోండి. హైకోర్టు లోపల షూటింగ్ ఊహించకండి. పలకను బయటి కాలిబాట నుంచి తీయడానికి కూడా అక్కడి భద్రతా సిబ్బందికి ముందే ఉత్తరం ఇవ్వండి. గుళ్లలో గర్భగుడి వైపు కెమెరా తిప్పకూడదు, ఆవరణకు దేవస్థానం ఆఫీసు అనుమతి ఉండాలి. చర్చికి విడిగా రాయాలి. పోర్టు, కోట, హైకోర్టు పక్కపక్కనే ఉన్న చోటు కాబట్టి డ్రోన్ మాట మానేయండి. అన్నిటికీ కలిపి నాలుగు వారాలు చేతిలో ఉంచుకోండి. ఉత్తరాల నకళ్లు తమిళంలో కూడా ఉండాలి. పొద్దున ఆరింటికి మిమ్మల్ని ఆపే కానిస్టేబుల్‌కు చూపించాల్సింది అదే కాగితం.

ఐదో అడుగు: అప్పగింత మాట, తిరిగొచ్చే మాట

సినిమాకు ప్రాణం ఇక్కడే ఉంది. యాంకర్ మాటలోంచి పాత బొమ్మలోకి వెళ్లేటప్పుడు చివరి వాక్యం బొమ్మకు పని అప్పగించాలి. దాన్ని మేము అప్పగింత మాట అంటాం. బొమ్మలోంచి వీధిలోకి వచ్చేటప్పుడు మొదటి వాక్యం మళ్లీ యాంకర్ ముందున్న వస్తువును పట్టుకోవాలి. అది తిరిగొచ్చే మాట. ఈ రెండూ ముందే రాసుకుని కంఠతా పట్టించాలి. మధ్యలోది యాంకర్ తన మాటల్లో చెప్పుకోవచ్చు.

ఎమ్డెన్ పలక చోటు తీసుకుందాం. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు తీరానికి వచ్చి రేవు దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. ట్యాంకులు తగలబడ్డాయి. కొన్ని గుండ్లు ఊళ్లోకి వచ్చి పడ్డాయి, హైకోర్టు ప్రహరీ దగ్గర పడినదానికి గుర్తే ఈ పలక. మొదటి డ్రాఫ్టులో నేను ఇదంతా యాంకర్ చేత చెప్పించాను. ఒకటిన్నర నిమిషం వచ్చింది. మా యాంకర్ రిటైరైన తెలుగు టీచరుగారు. చదివి ఆమె అన్నారు, “బాబూ, ఫోటోలో కాలుతున్న ట్యాంకులు కనబడుతుంటే నేను ‘తగలబడ్డాయి’ అని ఎందుకు చెప్పాలి? నేను గోడ గురించి చెబుతాను. మిగతాది ఫోటోను చెప్పనివ్వు.” ఆమె సరిచేసింది ఇది.

యాంకర్ గోడ పక్కన నడుస్తూ వస్తారు. “ఈ గోడ పక్కనుంచి రోజూ ఎన్ని వేలమంది పోతుంటారో. ఈ పలక దగ్గర ఆగేవాళ్లు తక్కువ. నూరేళ్ల కిందట ఒక రాత్రి, ఊరు నిద్రకు సిద్ధమవుతున్న వేళ, సముద్రం వైపు నుంచి వచ్చిన గుండు ఇక్కడ పడింది.” తల తూర్పుకు తిప్పుతారు. “ఆ రాత్రి అటు, రేవు వైపు చూసినవాళ్లకు కనిపించింది ఇదీ.” ఇది అప్పగింత. ఆమె అటు చూస్తూ మూడు సెకన్లు మాట్లాడకుండా నిలబడతారు. ఎడిటర్‌కు ఆ మౌనమే కత్తెర వేసే చోటు. ఆ మూడు సెకన్లు లేకపోతే మాట తోక తెగుతుంది.

తర్వాత పాత బొమ్మలు మూడే. కాలుతున్న ట్యాంకుల ఫోటో ఆరు సెకన్లు. రేవు, హైకోర్టు రెండూ కనిపించే ఆ నాటి మ్యాపు పది సెకన్లు, దాని మీద ఓడ వైపు నుంచి గోడ దాకా ఒక సన్నని గీత. చివరగా అదే ఏడు మద్రాసులో దినపత్రికగా మొదలైన ఆంధ్రపత్రికలో ఈ వార్త. పత్రిక పుటను ముందు మొత్తంగా, తేదీ చదవగలిగేలా చూపించి, తర్వాత శీర్షిక దగ్గరికి వెళ్లాలి. అచ్చు అక్షరం తెర మీద ఎంతసేపు ఉండాలో తెలియకపోతే, దాన్ని పైకి మెల్లగా రెండుసార్లు చదవండి. ఆ సమయమే కొలత. ఈ మూడింటి మీద వెనక మాట నలభై పదాలు దాటకూడదు.

తిరిగొచ్చే మాట ఇలా ఉంది. యాంకర్ పైకి, హైకోర్టు గోపురం వైపు చూస్తూ, “ఆ రోజుల్లో ఊరి లైట్‌హౌస్ ఇదిగో ఈ గోపురం మీదే వెలిగేది.” చూసేవాళ్ల కన్ను గోడ నుంచి గోపురానికి వెళ్లింది, సినిమా ముందుకు కదిలింది. తంబుచెట్టి వీధికి వెళ్లేటప్పుడు “ఆ వార్త అచ్చయిన వీధి దగ్గరే, పదండి” అంటే చాలు, వేరే లంకె అక్కర్లేదు.

ఆర్మీనియన్ వీధిలో అయితే పాత ఫోటో కన్నా వీధి బోర్డే గొప్ప ఇన్సర్ట్. అక్కడ తమిళంలో “అరణ్మనైక్కారన్ తెరు” అని ఉంటుంది, అంటే రాజభవనంవాడి వీధి. ఆ వీధిలో రాజభవనం లేదు. ఆర్మీనియన్ అన్న మాట ఊరి నోట్లో పడి అలా మారింది. బోర్డు షాటు, తర్వాత 1772 నాటి చర్చి తలుపు. యాంకర్ చెప్పాల్సింది రెండు వాక్యాలు.

ఆరో అడుగు: నమ్మకం, రికార్డు, రెండింటికీ వేరు వేరు క్రియలు

కాళికాంబాళ్ గుడికి 1677 అక్టోబర్ 3న శివాజీ వచ్చాడని అక్కడ రాసి ఉంది, గైడ్లందరూ చెబుతారు. శివాజీ ఆ ఏడు దక్షిణానికి దండెత్తి వచ్చిన మాట నిజం. విషానికి విరుగుడు మందులు పంపమని కోటలోని కంపెనీవాళ్లకు ఉత్తరం పంపినట్టు కంపెనీ రికార్డుల్లో కూడా ఉంది. గుడికి వచ్చాడన్నది మాత్రం గుడి చెప్పుకునే కథ. దీన్ని తీసేయాల్సిన పని లేదు. భక్తులకు అది ఎంతో విలువైన సంగతి. అయితే యాంకర్ క్రియలు మార్చి చెప్పాలి: “దండెత్తి వచ్చాడు,” “ఉత్తరం పంపాడని రికార్డులో ఉంది,” “ఈ గుడిలో మొక్కాడని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.” తెర మీద కూడా అంతే. ఉత్తరం గురించి రాసిన పుటను చూపించేటప్పుడు గుడి మాట వినిపించకూడదు. వినిపిస్తే కాగితం గుడి కథకు సాక్ష్యం చెప్పినట్టు అవుతుంది. ఒక్క సెకను కలిసినా ఆ పొరపాటు జరుగుతుంది, ఎడిటింగ్‌లో ప్రత్యేకంగా చూసుకోండి.

ప్రకాశం సాలైలో మరో రకం జాగ్రత్త కావాలి. పోఫమ్స్ బ్రాడ్వే అన్న పాత పేరు పోయి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు వచ్చింది. 1928 ఫిబ్రవరి 3న హర్తాళ్ రోజు పోలీసు తుపాకీకి ఆయన ఛాతీ చూపిన కథ తెలుగు పిల్లలందరికీ తెలుసు. చాలామంది “సైమన్ మద్రాసులో దిగినప్పుడు” అని మొదలుపెడతారు. ఆ రోజు కమిషన్ దిగింది బొంబాయిలో. దేశమంతా హర్తాళ్ చేసింది, మద్రాసులోనూ అందుకే జరిగింది. ఒక్క మాట తప్పు పోతే తెలిసినవాళ్లు మిగతా సినిమాను కూడా నమ్మరు. ఆ ఘట్టానికి గీసిన బొమ్మలు, విగ్రహాలు వాడేటప్పుడు “చిత్రకారుని ఊహ” అని తెర మీద రాయండి. నలుపు తెలుపులోకి మార్చి ఫోటోలా చూపించకండి.

ఇలాంటి ప్రతి వాక్యానికీ స్క్రిప్టులో పక్కన ఆధారం రాసుకోవాలి. ఆధారాలు గొడవ పడితే వాక్యాన్ని వెడల్పు చేయండి. జార్జ్ టౌన్ అన్న పేరు 1906లో వచ్చిందని కొందరు, 1911లో అని కొందరు రాశారు. యాంకర్ “ఇరవయ్యో శతాబ్దం మొదట్లో” అంటే రెండూ ఇముడుతాయి, ప్రేక్షకుడికి లోటూ ఉండదు.

ఏడో అడుగు: షూటింగ్ రోజు ప్రతి చోటా ఒకే వరస

చోటు చేరగానే ముందు మనిషి లేని ఖాళీ షాటు, ట్రైపాడ్ కదలకుండా ఇరవై సెకన్లు. పాత ఫోటో కరిగేది దీనిలోకే కాబట్టి ఇది దక్కేదాకా యాంకర్‌ను పిలవకండి. తర్వాత అదే ఫ్రేములో యాంకర్ నడిచి వచ్చి మాట్లాడడం. ఆ తర్వాత దగ్గరి షాట్లు: పలక మీది అక్షరాలు, రాతి అంచు, ఆమె చేయి. చివరగా అందరూ నోరు మూసుకుని ఒక నిమిషం ఆ చోటి శబ్దం రికార్డు. పాత ఫోటోల కింద వినిపించాల్సింది ఈ శబ్దమే. ఎక్కడినుంచో తెచ్చిన వీణ వద్దు. ఆర్మీనియన్ చర్చి గంటలు ఆదివారం పొద్దున మోగిస్తారు. ఆ వేళకు అక్కడ ఉండేలా రోజంతటినీ అమర్చుకోండి.

కెమెరా సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములు, షట్టరు 1/50లో పెట్టండి. మన కరెంటుకు అది సరిపోతుంది. లేకపోతే దుకాణాల ట్యూబులైట్లు బొమ్మలో మిణుకుమంటాయి. ఇది కెమెరా చిన్న తెరలో తెలియదు, ఇంటికొచ్చి పెద్ద తెర మీద వేశాకే బయటపడుతుంది. అందుకే మొదటి షాటు తీయగానే వెనక్కి తిప్పి, దుకాణం లోపలి వైపు పెద్దది చేసి చూసుకోండి.

నడక దిక్కు కూడా ఒకటే ఉండాలి. సినిమాలో యాంకర్ ఎడమ నుంచి కుడికి నడుస్తూ మొదలుపెడితే ఐదు చోట్లా అలాగే నడవాలి. మధ్యలో ఒకచోట కుడి నుంచి ఎడమకు వస్తే చూసేవాళ్లకు ఆమె వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది. వెనక్కి తిరగక తప్పని చోట మధ్యలో ఎదురుగా నడిచొచ్చే షాటు ఒకటి పెట్టండి.

కొత్వాల్ చావడిలో మామూలు రోజు తీసే మాటలకు ప్రశ్నలు రాసుకుని వెళ్లకండి, ఫోటో తీసుకెళ్లండి. కూరగాయల టోకు మార్కెట్ 1996లో కోయంబేడుకు వెళ్లిపోయింది. అంతకు ముందటి ఫోటో ఒకటి, అక్కడ కన్యకాపరమేశ్వరి గుడి దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ చేతికి ఇచ్చాం. టీచరుగారు “అక్కా, ఇందులో మీకు తెలిసిన చోటేదైనా ఉందా?” అని మాత్రం అడిగారు. ఆవిడ వేలితో చూపిస్తూ, “ఇదిగో ఇక్కడ మా ఆయన మూట దించేవాడు. తెల్లారి మూడింటికే. నేను చెంబుతో కాఫీ తెచ్చేదాన్ని,” అన్నారు. కెమెరా ఆవిడ ముఖం మీద ఉంది. రెండో కెమెరా లేదు కాబట్టి, మాట అయిపోయాక ఆవిడ వేలు అదే చోట పెట్టి ఉండగా ఫోటోను విడిగా తీసుకున్నాం. ఎడిటింగ్‌లో ఆ షాటు లేకపోతే ఆవిడ ఏది చూపించారో ఎవరికీ తెలిసేది కాదు.

ఎనిమిదో అడుగు: ఎడిటింగ్‌లో రెండు పరీక్షలు

మొదటి కట్ అయ్యాక శబ్దం తీసేసి ఒకసారి చూడండి. ప్రతి పాత బొమ్మ వచ్చినప్పుడు అది ఇప్పటి వీధిలో ఎక్కడిదో మాట లేకుండానే అర్థం కావాలి. కాకపోతే దాని ముందు షాటు తప్పు. తర్వాత తెర ఆపేసి విని చూడండి. యాంకర్ బొమ్మలో కనిపించేదాన్నే మళ్లీ చెబుతున్న చోట్లన్నీ అప్పుడు చెవికి తగులుతాయి, వాటిని కోసేయండి.

బొమ్మ కింద రాసే మాటలు సినిమా అంతటా ఒకే పద్ధతిలో ఉండాలి: ఏమిటి, ఎప్పటిది, ఎవరి దగ్గరిది. తేదీ ఊహ అయితే “ప్రాంతం” అని, బొమ్మ మరో వీధిదైతే ఆ వీధి పేరే రాయండి. కొత్వాల్ చావడికి మాకు సరైన ఉదయపు ఫోటో దొరకలేదు. మరో మార్కెట్ ఫోటో చాలా అందంగా ఉంది, పెట్టేద్దామని మా ఎడిటర్ పట్టుబట్టాడు. “అన్నా, ఎవరికీ తెలియదు,” అన్నాడు. ఆ పెద్దావిడకు తెలుస్తుందని చెప్పాను. అక్కడ ఫోటో తీసేసి, ఖాళీగా ఉన్న ఇప్పటి సందు మీద ఆవిడ గొంతు మాత్రమే ఉంచాం.